62 ముక్కలు రావాల్సిన చోట 36: ఒక పెళ్లి కేక్ లెక్క

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. పెళ్లికూతురి అన్నయ్య. "మేడమ్, కేక్ అయిపోయింది. ఇంకా 24 మంది ఖాళీ చేతులతో కూర్చున్నారు. మీరు 60 మందికి సరిపోతుందన్నారు కదా?"

అన్నాను, నిజమే. కాబట్టి అప్పటికి చెప్పడానికి ఏమీ దొరకలేదు. పొరపాటున చిన్న పాన్‌లో వేశానేమో అనిపించి, ఫోన్ పెట్టేశాక ఆర్డర్ పుస్తకం తీసి చూశాను. కేక్ సైజు సరిగ్గానే ఉంది. మూడంతస్తుల గుండ్రటి కేక్. కింద 10 అంగుళాలు, మధ్యలో 8, పైన 6. ఒక్కో అంతస్తు ఎత్తు 4 అంగుళాలు. పైనున్న 6 అంగుళాల కేక్ ఇంటివాళ్లు తమకోసం ఉంచుకుంటామన్నారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 10 అంగుళాల కేక్‌లో 38, 8 అంగుళాల దాంట్లో 24, కలిపి 62. అతిథులు 60 మంది. కాగితం మీద రెండు ముక్కలు ఎక్కువే ఉన్నాయి.

జవాబు మర్నాడు పొద్దున స్టాండు, బోర్డులు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు దొరికింది. కేక్ కింద పెట్టే బోర్డుకి వెండి రంగు కాగితం చుట్టి ఉంటుంది. కత్తి కింది దాకా దిగితే దాని మీద గీత పడుతుంది. 10 అంగుళాల బోర్డు కడిగి వెలుతురులో పెట్టి చూస్తే గీతలన్నీ మధ్య నుంచి అంచుకి, సైకిల్ చక్రం పుల్లల్లా ఉన్నాయి. లెక్కపెడితే 20. 8 అంగుళాల బోర్డు మీద 16. మొత్తం 36. ఫోన్‌లో ఆయన చెప్పిన 24 మంది కొరతకి అది అణా పైసలతో సహా సరిపోయింది.

అంటే వడ్డించిన కుర్రాళ్లు పుట్టినరోజు కేక్ కోసినట్టు త్రికోణాలుగా కోశారు. వాళ్లని అనడానికి ఏమీ లేదు. గుండ్రటి కేక్ ఇచ్చి, కత్తి ఇచ్చి, ఏమీ చెప్పకపోతే ఎవరైనా అలాగే కోస్తారు. బిల్లు మీద నేను "62 ముక్కలు" అని రాశాను గానీ, ఆ ముక్క ఎంతుండాలో, ఎలా కోస్తే అన్ని వస్తాయో ఎక్కడా రాయలేదు. తప్పు నాదే.

ఆ 62 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది బేకర్లు చార్టు చూసి అంకె చెప్పేస్తారు గానీ ఆ అంకె వెనక ఏ ముక్క ఉందో చూడరు. పెళ్లి ముక్క అని మేము అనేది 1 అంగుళం మందం, 2 అంగుళాల పొడవు, 4 అంగుళాల ఎత్తు. పైనుంచి చూస్తే అది 2 చదరపు అంగుళాల జాగా తీసుకుంటుంది. కాబట్టి కేక్ పైభాగం వైశాల్యాన్ని 2తో భాగిస్తే దాదాపు ముక్కల సంఖ్య వచ్చేస్తుంది. 8 అంగుళాల కేక్ అంటే వ్యాసార్ధం 4. నాలుగు నాలుగులు 16, దాన్ని 3.14తో గుణిస్తే సుమారు 50. సగం 25. కోతలో పోయేదానికి ఒకటి తీసేస్తే 24. 10 అంగుళాలకి ఇలాగే చేస్తే 39 వస్తుంది, 38 అనుకుంటాం. 12 అంగుళాలకి 56.

ఇక్కడ కొనేవాళ్లు తరచూ మోసపోయేది ఒకటుంది. "8కీ 10కీ రెండు అంగుళాలే కదా తేడా" అంటారు. వ్యాసంలో తేడా రెండే, ముక్కల్లో తేడా 14. 6 నుంచి 12కి వెళ్తే వ్యాసం రెట్టింపు, కేక్ మాత్రం నాలుగు రెట్లు.

పుట్టినరోజు ముక్క వేరు. దాన్ని నేను ఒకటిన్నర అంగుళాల మందంతో లెక్కేస్తాను, అంటే వైశాల్యాన్ని 2తో కాకుండా 3తో భాగించాలి. 8 అంగుళాల కేక్‌లో 16 వస్తాయి. రెండు చార్టుల్లో ఒకే కేక్‌కి వేర్వేరు అంకెలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఏ ముక్క అనుకుని రాశారో అదే తేడా. కిలోల్లో అడిగేవాళ్లకి కూడా నేను ఇదే చెప్తాను. నా వెనీలా స్పాంజి, బటర్‌క్రీమ్ కేక్‌లో పెళ్లి ముక్క తూచితే 80 నుంచి 90 గ్రాములుంటుంది. కానీ స్పాంజి గట్టిదైతే, లోపల చాక్లెట్ గనాష్ ఉంటే అదే సైజు ముక్క ఇంకా బరువు తూగుతుంది. బరువుని బట్టి ముక్కలు చెప్పడం నాకు నచ్చదు. కత్తి కోసేది సైజుని, బరువుని కాదు.

ఇప్పుడు ఆ 20 గీతల దగ్గరికి వద్దాం. 10 అంగుళాల కేక్‌ని 20 త్రికోణాలు చేస్తే ఒక్కో ముక్క 5 అంగుళాల పొడవు, వెనక వైపు ఒకటిన్నర అంగుళాల కన్నా కాస్త ఎక్కువ వెడల్పు. వైశాల్యం దాదాపు 4 చదరపు అంగుళాలు. నేను లెక్కేసిన దానికి రెట్టింపు. ఒక్కో అతిథికి రెండు ముక్కలు వెళ్లాయన్నమాట, కాకపోతే అతుక్కుని ఉన్నాయి. పోనీ సన్నగా కోయమని చెబితే సరిపోయేదా? అదీ కుదరదు. 38 త్రికోణాలు కావాలంటే వెనక వెడల్పు అంగుళం కన్నా తక్కువ, ముందు భాగం సూదిమొన. నాలుగంగుళాల ఎత్తులో అలాంటి ముక్క నిలబడదు, ప్లేటుకి చేరే లోపే మొన విరిగి పొడి అవుతుంది. ఎంత చేయి తిరిగినవాడు కోసినా త్రికోణాల్లో ఆ లెక్క రాదు. కోసే పద్ధతే మారాలి.

ఏడాదిన్నర తర్వాత అదే అన్నయ్య మళ్లీ ఫోన్ చేశారు. రెండో చెల్లెలి పెళ్లి. నిజం చెప్పాలంటే ఆయన గొంతు విని నాకు కాస్త టెన్షన్ వచ్చింది. "ఈసారి 140 మంది మేడమ్. ఈసారి మాత్రం చాలాలి" అన్నారు నవ్వుతూ. ఈసారి ఆయన్ని కూర్చోబెట్టి లెక్క ఆయన ముందే వేశాను.

మొదటి ప్రశ్న, కేక్ ఎలా వడ్డిస్తారు? ఒక మూల టేబుల్ మీద పెట్టి ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారా, లేక ప్లేట్లలో పెట్టి ప్రతి ఒక్కరి ముందుకీ తెస్తారా? వేరే స్వీట్లు ఉండి, కేక్ మూల టేబుల్ మీద ఉంటే నేను అతిథుల్లో నాలుగింట మూడు వంతుల మందికి లెక్కేస్తాను. ప్లేటు ముందుకొస్తే మాత్రం తిన్నా తినకపోయినా ముక్క ఖర్చయిపోయినట్టే, కాబట్టి అందరికీ లెక్కేయాలి. వీళ్లు ప్లేట్లలో పెడతామన్నారు. అంటే 140కి 140.

రెండో ప్రశ్నకి ఆయన తెల్లబోయారు. "ఫొటోలు తీసేవాళ్లు, పాటలు పాడేవాళ్లు ఎంతమంది?" జాబితాలో వీళ్లెవరూ ఉండరు, కానీ పెళ్లివాళ్లు వాళ్లకీ కేక్ పెట్టమంటారు. లెక్కపెడితే 8 మంది. విరిగేవి, పడిపోయేవి, రెండోది అడిగేవాళ్లు అని ఇంకో 8 వేసుకున్నాను. మొత్తం 156.

ఈసారీ 6 అంగుళాల పై అంతస్తు వాళ్లకే. అదే 6, 8, 10 కేక్ అయితే 62 పోగా ఇంకో 94 కావాలి. దీనికి రెండు దారులున్నాయి. కేక్‌నే పెంచి 8, 10, 12, 14 అని నాలుగంతస్తులు చేయడం ఒకటి. చూడ్డానికి బాగుంటుంది, కానీ నలుగురి ముందు కోయాల్సిన కేక్ పెరిగే కొద్దీ వడ్డన ఆలస్యమవుతుంది. రెండోది, అందరికీ కనిపించేది చిన్నగానే ఉంచి, మిగతా ముక్కల కోసం వంటగదిలో ఒక షీట్ కేక్ ఉంచడం. కొత్త జంట కేక్ కోసి ఫొటోలు దిగుతుండగానే లోపల షీట్ కేక్ ప్లేట్లలోకి వెళ్తుంటుంది. నేను రెండోదే చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

షీట్ కేక్‌లో ఒక మెలిక ఉంది. 12 బై 18 అంగుళాల పాన్‌లో ఒకే పొరగా, 2 అంగుళాల ఎత్తులో చేస్తే దాన్ని 2 బై 2 చదరాలుగా కోస్తారు. అడ్డంగా 6, పొడవునా 9, మొత్తం 54. రెండంగుళాల ఎత్తున్న ఆ చదరంలోనూ, 1 బై 2 బై 4 పెళ్లి ముక్కలోనూ కేక్ అంతే ఉంటుంది. రెండూ 8 ఘనపు అంగుళాలే. కానీ పక్కపక్కన రెండు ప్లేట్లు పెట్టి చూడండి. ఒకదాంట్లో పొరలు కనిపిస్తూ నిటారుగా నిలబడ్డ ముక్క, ఇంకోదాంట్లో పొట్టి చదరం. చదరం వచ్చినవాడికి తనకి తక్కువ పెట్టారనే అనిపిస్తుంది. అందుకే ఒకే టేబుల్‌కి వెళ్లే షీట్ కేక్‌ని నేను అంతస్తుల కేక్ ఎత్తులోనే చేస్తాను. రెండు పొరలు, మధ్యలో అదే క్రీమ్, 4 అంగుళాలు. ముక్కలు కలిసిపోతాయి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు.

అప్పుడు 12 బై 18లో 1 బై 2 ముక్కలు లెక్క ప్రకారం 108 రావాలి. రావు. కేక్ చల్లారాక పాన్ గోడల నుంచి కాస్త లోపలికి ముడుచుకుంటుంది. చుట్టూ గట్టిపడ్డ అంచు సన్నగా తీసేస్తే నా చేతిలో మిగిలింది పదకొండున్నర బై పదిహేడున్నర. వెడల్పుని 6 భాగాలు చేస్తే ఒక్కోటి 2 అంగుళాలకి కొంచెం తక్కువ, పొడవునా 17 ముక్కలు. 102. పాన్ మీద రాసిన కొలతని ముక్కల లెక్కకి వాడితే ఆ 6 ముక్కలు గాల్లో కలిసిపోతాయి. 62, 102 కలిపి 164. కావాల్సింది 156. ఈ షీట్ కేక్ 9 కిలోలు దాటింది, ఇద్దరం కలిసి ఎత్తాం. కింద పల్చటి బోర్డు వేస్తే మధ్యలో వంగి పైన క్రీమ్ పగులుతుంది, అందుకే మందపాటి చెక్క బోర్డు వేశాను.

పెళ్లి రోజు నేను వెళ్లాను. మొదటిసారి చేయని పని అది. నాతో పాటు డబ్బాలో మూడు వస్తువులు తీసుకెళ్లాను: ఒక 6 అంగుళాల కేక్ బోర్డు, ఒక 4 అంగుళాల బోర్డు, థర్మాకోల్‌తో కోసిన 1 బై 2 బై 4 ముక్క ఒకటి. ఆ థర్మాకోల్ ముక్కని ప్లేటులో పెట్టి, కోసే ఇద్దరు కుర్రాళ్ల ఎదురుగా ఉంచాను. "ప్రతి ముక్కా ఇంతే" అన్నాను. ఒకడు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్నదా అక్కా?" అన్నాడు. చేతిలో చిన్నదే. ప్లేటులో పెట్టాక నాలుగంగుళాల ఎత్తుంటుంది కాబట్టి చిన్నగా కనిపించదు.

కేక్ విప్పడం పైనుంచి మొదలవుతుంది. నిలువునా మూడింటినీ కలిపే పుల్ల ఉంటే అది ముందు లాగేయాలి. తర్వాత 6 అంగుళాల కేక్‌ని దాని బోర్డుతో సహా ఎత్తి డబ్బాలో పెట్టి మూశాం. 8 అంగుళాల దాన్ని కూడా అలాగే ఎత్తి పక్కన పెట్టాం. దాని బరువు మోయడానికి కింది కేక్‌లో గుచ్చిన పుల్లలు నావి 5. ఐదూ బయటికి వచ్చాయని లెక్కపెట్టాకే కత్తి ముట్టనిస్తాను. ఒక్కటి లోపలుండిపోతే అది ఎవరి ప్లేటులోనో తేలుతుంది.

ఇక కోత. 10 అంగుళాల కేక్ మీద 6 అంగుళాల బోర్డుని సరిగ్గా మధ్యలో ఆనించి, దాని అంచు వెంట సన్నటి పొడవాటి కత్తిని నిటారుగా కిందికి దింపుతూ గుండ్రంగా కోయాలి. చుట్టూ 2 అంగుళాల వెడల్పున్న రింగు వేరవుతుంది. లోపల 6 అంగుళాల కేక్ స్తంభంలా నిలబడి ఉంటుంది. ఇప్పుడు రింగుని ముక్కలు చేయాలి. రింగు ముక్క బయట వైపు అంగుళంపావు, లోపల వైపు ముప్పావు, సగటున అంగుళం. బయట వైపు అంగుళమే పెడితే లోపల వైపు మరీ సన్నగా అయి ముక్క ఒరిగిపోతుంది. ఇలా రింగులో 25 వస్తాయి. తర్వాత లోపలి 6 అంగుళాల దాంట్లో ఇంకో రింగు తీస్తే 12, మధ్యలో మిగిలే చిన్న గుండు ఒకటి. 38. చార్టులో 38 అని ఎందుకుందో ఈ రింగులు చూస్తే అర్థమవుతుంది. 8 అంగుళాల దానికి 4 అంగుళాల బోర్డు పెట్టి గీస్తే బయట 18, లోపలి ముద్దని 6 చేయాలి.

మొదటి ముక్క ఎప్పుడూ సరిగా రాదు. చుట్టూ చోటు ఉండదు కాబట్టి గరిట లోపలికి దూరదు. అందుకే ముందు రెండు మూడు కోతలు పెట్టేసి, మధ్య ముక్కని సన్నటి గరిటతో పైకి లాగాలి. అది విరిగినా పర్వాలేదు, దాని తర్వాత దారి దొరుకుతుంది. కత్తిని వేడి నీళ్లలో ముంచి, తుడిచి, ఒకే ఒత్తిడితో దించాలి. రెండు మూడు కోతలకోసారి తుడవకపోతే క్రీమ్ పొడితో కలిసి పక్క ముక్కకి అంటుకుంటుంది. కేక్ చల్లగా ఉంటే గీత శుభ్రంగా పడుతుంది, మెత్తబడితే కత్తి వెంట లాక్కుపోతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడే కోసి ప్లేట్లలో పెట్టేసి, చుట్టుపక్కల వేడికి మెత్తబడనివ్వడం మేలు. అయితే కోసిన ముఖం గాలికి త్వరగా ఎండుతుంది. వడ్డనకి ఆలస్యమయ్యేట్టుంటే పైన పల్చటి ప్లాస్టిక్ కప్పాలి.

కోత దారి తప్పుతోందని ముందే పట్టుకునే చోటు ఒకటుంది. 10 అంగుళాల బయటి రింగులో పావు భాగం అయ్యేసరికి 6 ప్లేట్లు ఉండాలి. ఆ రోజు నేను అటు తిరిగి వచ్చేసరికి 4 ఉన్నాయి. పెద్ద కుర్రాడి చేయి తెలియకుండానే లావుగా కోస్తోంది. థర్మాకోల్ ముక్కని కేక్ పక్కనే ఆనించి పెట్టి చూపించాను. అక్కడి నుంచి సన్నగా కోసి, ఆ రింగులో మొత్తం 23 తీశాడు. రింగంతా అయిపోయాక చూసుకుని ఉంటే 16, 17 దగ్గర ఆగేది, ఆ తప్పు షీట్ కేక్ దాకా పాకేది కూడా.

షీట్ కేక్ చిన్నవాడికి అప్పజెప్పాను. స్కేలు పెట్టి పైన క్రీమ్ మీద కత్తి మొనతో ముందే గీతలు గీసి ఇచ్చాను. పొడవునా 6 పట్టీలు, ఒక్కో పట్టీలో 17. ముందు ఒక పట్టీ మొత్తం కోసి, పక్కకి జరిపి, అప్పుడు దాన్ని ముక్కలు చేయాలి. గీతలు అన్నీ ఒకేసారి కింది దాకా కోసేస్తే మధ్యలో ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుని వాలిపోతాయి.

చివరికి లెక్క ఇలా వచ్చింది. 10 అంగుళాల దాంట్లో 35, 8లో 23, షీట్‌లో 99. మొత్తం 157. కాగితం మీది 164కి 7 తక్కువ, కావాల్సిన 156కి ఒకటి ఎక్కువ. 140 మందిలో కొందరు రాలేదు కాబట్టి 146 ప్లేట్లే బయటికి వెళ్లాయి, 11 మిగిలాయి.

ఈ పద్ధతి అన్ని కేకులకీ పనికిరాదు. మూస్ లాంటి మెత్తటి పొర లోపలుంటే అంగుళం మందం ముక్క నిలబడదు, ఒకటిన్నర చేయాల్సిందే. అప్పుడు ముక్కలు మూడో వంతు తగ్గుతాయని ఆర్డర్ రోజే చెప్పాలి. ఎత్తు 3 అంగుళాలే అయితే 1 బై 2 ముక్క మరీ పీలగా ఉంటుంది, మందం కొంచెం పెంచుకోవాలి. ఈమధ్య 7, 8 అంగుళాల ఎత్తున్న అంతస్తులు అడుగుతున్నారు. వాటి మధ్యలో ఇంకో బోర్డు పెట్టి, లోపల పుల్లలు వేసి, రెండు కేకులుగా కట్టాలి. కోసేటప్పుడు పై సగం ఎత్తేసి, కింది సగాన్ని విడిగా కోయొచ్చు. అప్పుడు ముక్కలు కూడా రెట్టింపే. లోపల బోర్డు ఉందని కోసేవాళ్లకి చెప్పకపోతే మాత్రం కత్తి సగంలో ఆగిపోతుంది, వాళ్లు కేక్ గడ్డకట్టిందనుకుంటారు. ఒకసారి అదీ జరిగింది, ఆ కథ ఇక్కడ వద్దు.

మర్నాడు బోర్డులు ఇంటికొచ్చాయి. 10 అంగుళాల బోర్డు కడిగి కిటికీ దగ్గర పెట్టాను. మధ్యలో ఒక గుండ్రటి గీత, దాని లోపల ఇంకో చిన్నది, వాటి మధ్యా, బయటా పొట్టి పొట్టి గీతలు. ఒక పక్క నాలుగు గీతలు మాత్రం కాస్త దూరదూరంగా ఉన్నాయి.